పాలిమర్ అణుభారం 40 వేలా, 50 వేలా?

ముందు బెంజీన్‌లో ఘనీభవన స్థానం తగ్గుదలతోనే తేల్చేద్దామనుకున్నాను. తీరా లెక్కేస్తే, 50 వేల అణుభారమున్న పాలీస్టైరీన్ లీటరుకు 10 గ్రాములు కలిపినా తగ్గేది 0.001 డిగ్రీ చిల్లర. బెంజీన్‌లో చేరిన కాస్త తేమే అంతకన్నా ఎక్కువ తగ్గించేస్తుంది.

అందుకే ద్రవాభిసరణ పీడనానికి మారాను. ద్రావణి టోలీన్, 25 డిగ్రీలు. ద్రావణిని మాత్రమే పోనిచ్చే పొరకు ఒక పక్క ఒట్టి టోలీన్, మరో పక్క ద్రావణం పోస్తే, అదే గాఢతకు ద్రావణం వైపు గొట్టంలో మట్టం 7.3 సెం.మీ. లేచింది, అంటే దాదాపు 620 పాస్కల్. π = cRT/M లో పెడితే 40 వేలు వచ్చింది. హమ్మయ్య అనుకుని, ఊరికే సరిచూద్దామని సగానికి పలచన చేశాను. మట్టం 3.65 దగ్గర ఆగాలి కదా, 3.3 దగ్గరే ఆగిపోయింది! గొట్టం కారుతోందేమోనని ఒక పూటంతా వెతికాను. తప్పు గొట్టంది కాదు, సూత్రానిది. మంచి ద్రావణిలో గొలుసులు విచ్చుకుని ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, పీడనం అదనంగా పెరుగుతుంది.

మరో రెండు గాఢతలు తీసి, పీడనాన్ని గాఢతతో భాగించిన π/c ని గాఢత c కి ఎదురుగా గీశాను. గీతను సున్నా గాఢత దాకా పొడిగిస్తే 49.6 దగ్గర తాకింది. RT విలువ 2478ని దాంతో భాగిస్తే మోలుకు 50 కిలోలు, అంటే 50 వేలు.

ఇది సంఖ్యా సగటు మాత్రమే, అంటే గొలుసుల మొత్తం బరువును వాటి సంఖ్యతో భాగిస్తే వచ్చేది. పొట్టి గొలుసులు పొరలోంచి జారిపోతే మట్టం రాత్రికి రాత్రి మెల్లగా దిగుతుంది. అప్పుడు వచ్చే విలువ అసలుకన్నా ఎక్కువే.