అరకు అద్దాల బోగీ టికెట్: అసలుదో కాదో చూసుకునే విధానం, డబ్బు పోతే 1930 హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు

డిసెంబరు వస్తే చాలు, విశాఖ నుంచి అరకు వెళ్లే రైల్లో అద్దాల బోగీకి, అంటే విస్టాడోమ్‌కి, సీట్లు దొరకవు. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. ఆలస్యంగా చూసినవాళ్లకి వెయిటింగ్ లిస్టే కనిపిస్తుంది. అప్పుడు ఫోన్‌లో "అరకు విస్టాడోమ్ టికెట్" అని వెతుకుతారు. నకిలీ సైట్ల వాళ్లు వేచి చూసేది ఆ వెతుకులాట కోసమే.

గాజువాకలో నేను నెట్ సెంటర్ నడుపుతాను. గత డిసెంబరులో ఒక గురువారం సాయంత్రం ఒకావిడ ప్రింట్ తీయించుకోవడానికి వచ్చింది. నాలుగు విస్టాడోమ్ సీట్లు, శనివారం ప్రయాణం, అన్నీ కన్‌ఫర్మ్. టికెట్ పీడీఎఫ్ వాట్సాప్‌లో వచ్చిందట. ప్రింట్ తీసే ముందు పీఎన్‌ఆర్ కొట్టి చూడటం నాకు అలవాటు. కొట్టగానే స్క్రీన్ మీద సికింద్రాబాద్ వెళ్లే రైలు, స్లీపర్ క్లాసు, ఒక్కడే ప్రయాణికుడు అని వచ్చింది. "ఏటి బాబూ, మా సీట్లు ఉన్నాయా లేవా?" అని ఆవిడ అడుగుతుంటే నాకు నోట మాట రాలేదు. ఎవరిదో టికెట్ తీసుకుని రైలు, తేదీ, పేర్లు మార్చేశారు. నంబరు మాత్రం పాతదే.

ముందు సైట్ పేరు చదవండి

రైలు టికెట్లకు అధికారిక సైట్ irctc.co.in. పేరు ఎక్కడో ఒక చోట కనిపిస్తే సరిపోదు, అది ఎక్కడ ఉందన్నది ముఖ్యం. https:// ఉంటే దాన్ని వదిలేసి, ఆ తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీతకు ముందు చివరన ఉన్న పేరే ఆ సైట్ అసలు యజమానిది. ఈ రెండు చూడండి:

```
www.irctc.co.in/nget
irctc.co.in.araku-tickets.example/login
```

రెండోదాంట్లో అధికారిక పేరు ముందే కనిపిస్తుంది, కానీ గీతకు ముందు ఉన్నది araku-tickets.example. అంటే ఆ సైట్ వేరొకరిది. పక్కన తాళం గుర్తు ఉన్నా నమ్మకండి. సమాచారం దారిలో ఎవరూ చదవలేరని మాత్రమే దాని అర్థం, సైట్ నడిపేవాడు మంచివాడని కాదు. వెతికినప్పుడు పైన వచ్చే ప్రకటనలు నొక్కకుండా చిరునామా మీరే టైప్ చేయడం మంచిది. యాప్ అయితే ప్లే స్టోర్ నుంచే దించుకోండి. వాట్సాప్‌లో పంపిన ఏపీకే ఫైలు ఎంత తెలిసినవాళ్లు పంపినా వద్దు.

డబ్బు కట్టేటప్పుడు మరో పరీక్ష ఉంది. క్యూఆర్ స్కాన్ చేశాక, పిన్ కొట్టే ముందు యూపీఐ యాప్ ఎదుటివారి పేరు చూపిస్తుంది. ప్రింట్ కోసం వచ్చిన ఆవిడ ఫోన్‌లో చరిత్ర తీసి చూస్తే 3,600 రూపాయలు వెళ్లింది ఒక వ్యక్తి సొంత పేరు మీదకి. రైల్వే టికెట్‌కి ఎవరి సొంత ఖాతాకో డబ్బు ఎందుకు వెళ్లాలి? అక్కడే ఆగి ఉంటే సరిపోయేది. తొందర పెట్టారట, "నాలుగే సీట్లు మిగిలాయి అమ్మా" అని.

టికెట్ చేతికి వచ్చాక

పీఎన్‌ఆర్ పది అంకెలు. indianrail.gov.in లో పీఎన్‌ఆర్ ఎంక్వైరీ దగ్గర కొట్టండి, లేదా 139కి ఫోన్ చేయండి. ఎస్సెమ్మెస్ కూడా 139కే:

```
PNR 1234567890
```

వచ్చిన జవాబులో రైలు నంబరు, తేదీ, ఎక్కే స్టేషన్, దిగే స్టేషన్, క్లాసు, ఎంతమంది, సీటు నంబర్లు ఒక్కొక్కటీ మీ పీడీఎఫ్‌తో పోల్చండి. విశాఖ కోడ్ VSKP, అరకు కోడ్ ARK. నకిలీ టికెట్లలో తరచూ జరిగేది వెయిటింగ్ లిస్టుని కన్‌ఫర్మ్‌గా దిద్దడం. అది ఇక్కడ దొరికిపోతుంది.

ఒక పరిమితి మాత్రం గుర్తుంచుకోవాలి. ఈ జవాబులో ప్రయాణికుల పేర్లు రావు. అదే రైలు, అదే తేదీకి వేరేవాళ్ల టికెట్ తీసుకుని పేర్లు మాత్రం మార్చితే పీఎన్‌ఆర్ సరిగ్గానే కనిపిస్తుంది. అందుకే ఏజెంటు దగ్గర బుక్ చేయించేటప్పుడు మీ మొబైల్ నంబరే ఇవ్వమనండి. టికెట్ అయిన వెంటనే సందేశం మీ ఫోన్‌కి వస్తుంది. అది రాలేదంటే టికెట్ తీసుకోవద్దు, డబ్బు ఇవ్వొద్దు.

ఇంకొక మోసం చాలామందికి తెలియదు. టికెట్ నిజంగానే బుక్ చేస్తారు, మీ దగ్గర డబ్బు తీసుకుంటారు, తర్వాత తమ ఖాతా నుంచి రద్దు చేసేస్తారు. వాపసు డబ్బు వాళ్లకే వెళ్తుంది. మీ చేతిలో పీడీఎఫ్ అలాగే ఉంటుంది. కాబట్టి ప్రయాణం ముందురోజు సాయంత్రం మళ్లీ పీఎన్‌ఆర్ చూడండి. CAN/MOD అని వస్తే టికెట్ రద్దయినట్టే. చూసుకోకుండా రైలెక్కితే టికెట్ లేనట్టే లెక్క, చార్జీతో పాటు కనీసం 250 రూపాయల జరిమానా.

వాపసు కోసం ఎవరికీ ఫోన్ చేయనక్కర్లేదు. ఆన్‌లైన్ టికెట్ చార్ట్ తర్వాత కూడా పూర్తిగా వెయిటింగ్‌లోనే ఉంటే దానంతట అదే రద్దవుతుంది, డబ్బు కట్టిన ఖాతాకే తిరిగి వస్తుంది. డబ్బు రావడానికి యూపీఐ పిన్ అవసరం లేదు. పిన్ అడిగారంటే మీ డబ్బు పోవడానికే.

డబ్బు పోయిందని తెలిస్తే

వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఇక్కడ గంటలు లెక్క. మీ ఫిర్యాదు అందగానే మీ బ్యాంకుకి, అక్కడి నుంచి డబ్బు చేరిన బ్యాంకుకి సమాచారం వెళ్తుంది. ఖాతాలో మిగిలి ఉన్నంత మేరకు ఆపుతారు. అప్పటికే ఏటీఎంలో తీసేస్తే ఆపడానికి ఏమీ ఉండదు. చేతిలో ఉంచుకోవాల్సినవి: మీ బ్యాంకు పేరు, ఖాతా నంబరు, మొత్తం, కట్టిన తేదీ, సమయం, యూపీఐ చరిత్రలో కనిపించే 12 అంకెల యూటీఆర్ నంబరు. ఈ యూటీఆర్ లేకపోతే పని ముందుకు సాగదు.

ఫోన్ తర్వాత ఫిర్యాదు నంబరు సందేశంగా వస్తుంది. అదే రోజు cybercrime.gov.in లో ఆర్థిక మోసం విభాగంలో వివరాలు పూర్తి చేయండి. జరిగింది రాసే చోట కనీసం 200 అక్షరాలు ఉండాలి, ప్రత్యేక గుర్తులు వాడితే తీసుకోదు. ఎక్కడ చూశారు, ఎవరు మాట్లాడారు, ఎప్పుడు కట్టారు అని వరసగా రాయండి. సైట్ స్క్రీన్‌షాట్, వాట్సాప్ సంభాషణ, నకిలీ పీడీఎఫ్ జత చేయండి. కోపంతో ఆ చాట్ చెరిపేయకండి, అదే మీ ఆధారం. మీ బ్యాంకుకి కూడా అదే సమయంలో చెప్పండి. అయితే పిన్ మీరే కొట్టి ఉంటే, మీకు తెలియకుండా జరిగిన లావాదేవీలకు బ్యాంకు పరిహారం ఇచ్చే నిబంధన సాధారణంగా మీకు వర్తించదు.

ఆ ఆవిడ మధ్యాహ్నం 4 గంటలకు కట్టింది, మేం 1930కి చేసింది ఆరున్నరకి. 3,600లో 2,100 ఆపగలిగారు, మిగతా 1,500 అప్పటికే తీసేశారు. ఆపిన డబ్బు కూడా వెంటనే రాలేదు. కోర్టు ఆదేశం కావాలన్నారు. దానికి ఫిర్యాదు నంబరు పట్టుకుని పోలీస్ స్టేషన్‌కి మూడుసార్లు తిరిగింది. ఆ మధ్యలో ఒకడు ఫోన్ చేసి, "మీ డబ్బు దొరికిందమ్మా, 499 ఫీజు కడితే పంపిస్తాం" అన్నాడు. ఆవిడ ఫోన్ పెట్టేసి, పోర్టల్‌లో ఫిర్యాదు స్థితి చూపించమని నేరుగా మా షాపుకే వచ్చింది.