సంస్కృత అనువాదంలో సందేహం ఎలా అడగాలి? ఫోటో ఒక్కటే పంపితే ఎందుకు సరిపోదు?

ఇంటర్‌లో సంస్కృతం రెండో భాషగా తీసుకున్న పిల్లల అనువాదాలు చాలా ఏళ్లుగా దిద్దుతున్నాను. పరీక్షలు దగ్గర పడితే ఫోన్‌కి వచ్చే సందేశాలు దాదాపు అన్నీ ఒకేలా ఉంటాయి. వంకరగా తీసిన పేజీ ఫోటో, సగం మీద చేతి నీడ, కింద ఒకే లైను: "సార్, దీనికి అనువాదం చెప్పండి." పేజీలో పది వాక్యాలుంటాయి. ఏ వాక్యమో తెలియదు. తెలుగులోకి చేయాలో, ఇంగ్లిష్‌లోకి చేయాలో, అసలు సంస్కృతంలోకే చేయాలో తెలియదు. ఆ సూచన ఉండే పై లైను ఫోటోలో పడనే లేదు.

సందేహం అడగడానికి నాలుగు పనులు చేస్తే చాలు. మూడు తేలిక. ఒకటి మాత్రం జాగ్రత్తగా చేయాలి, చెడగొట్టేదీ దాన్నే.

మొదటి పని: కీబోర్డు

ఫోన్‌లో తెలుగు కీబోర్డు పెట్టుకోండి. దేవనాగరి చదవడం అలవాటైతే అదీ పెట్టుకోండి. ఇంగ్లిష్ అక్షరాల్లో మాత్రం సంస్కృతం రాయకండి. `bala` అని రాస్తే అది బలమా, బాలుడా, బాలికా అన్నది నేను ఊహించుకోవాలి. సంస్కృతంలో దీర్ఘం పోతే విభక్తి, వచనం, ఒక్కోసారి మాటే మారిపోతుంది. రోమన్ లిపికి చుక్కలూ గీతలూ పెట్టి కచ్చితంగా రాసే పద్ధతి ఉంది కానీ, దాన్ని నేర్చుకునే ఓపిక ఉంటే తెలుగు కీబోర్డు అంతకంటే ముందే వచ్చేస్తుంది.

రెండో పని: ఒక్క వాక్యం ఎంచుకోవడం

పేరా మొత్తం వద్దు. మీకు ఆగిపోయిన వాక్యం ఒక్కటే ఎంచుకోండి. అందులో 'సః', 'సా', 'తేన' లాంటి సర్వనామం ఉంటే దాని ముందు వాక్యం కూడా కావాలి. ఆ 'సః' రాజా, శిష్యుడా, ఏనుగా అన్నది ముందు వాక్యంలోనే ఉంటుంది.

మూడో పని: వాక్యాన్ని ఉన్నది ఉన్నట్టు టైప్ చేయడం

ఇక్కడ నెమ్మదిగా చదవండి. ఈ వాక్యం చూడండి:

```
యదా లోకేఽధర్మో వర్ధతే తదా నృపో దుష్టాన్ దండయతి
```

లోకంలో అధర్మం పెరిగినప్పుడు రాజు దుర్మార్గుల్ని దండిస్తాడు అని దీని అర్థం. 'లోకే' తర్వాత ఉన్న ఆ చిన్న గుర్తు అవగ్రహం. 'లోకే', 'అధర్మో' కలిసినప్పుడు రెండో మాటలోని 'అ' లోపించిందని చెప్పడానికి దాన్ని పెడతారు. మసక ఫోటోలో మొదట మాయమయ్యేది అదే. అది పోతే మిగిలేది 'లోకే ధర్మో వర్ధతే'. అంటే ధర్మం పెరుగుతోందని. అర్థం పూర్తిగా తిరగబడింది. పోనీ వాక్యం తేడాగా కనిపిస్తుందా అంటే అదీ లేదు. ధర్మం పెరిగిన కాలంలో రాజు దుర్మార్గుల్ని శిక్షిస్తాడు అన్నా కుదురుతుంది. అందుకే చదివేవాడికి అనుమానం రాదు. తప్పు అనువాదం చెప్పి పంపేస్తాడు, మీరు అదే రాసి మార్కులు పోగొట్టుకుంటారు.

వాయిస్ మెసేజ్ పంపితే సరిపోతుంది కదా అని కొందరు అంటారు. సరిపోదు. అవగ్రహానికి ఉచ్చారణ లేదు. 'లోకేఽధర్మో' అని చదివినా, 'లోకే ధర్మో' అని గబగబా చదివినా చెవికి ఒకేలా వినిపిస్తాయి. రాతలో ఆ గుర్తు ఉన్నదే ఈ తేడా కంటికి కనిపించడానికి. ఫోటో ఆ గుర్తును చెరిపేయొచ్చు, గొంతులో అది ఎలాగూ ఉండదు. టైప్ చేసిన వాక్యంలోనే అది నిలుస్తుంది.

టైప్ చేసేవాళ్లు కూడా ఇక్కడ రెండు రకాలుగా చెడగొడతారు. మొదటిది, అవగ్రహం కీబోర్డులో కనబడక వదిలేసి ఖాళీ ఇవ్వడం. రెండోది, దాని బదులు ఇంగ్లిష్ పెద్ద ఎస్ కొట్టడం. 'సోఽహం' అన్నదాన్ని `సోSహం` అని రాయడం చాలాచోట్ల చూస్తాం. ఈ రెండింట్లో ఎస్ నయం, కనీసం అక్కడ ఏదో ఉందని తెలుస్తుంది. కానీ అసలు గుర్తే వాడండి. ఈ రెండు గుర్తులూ ఇక్కడినుంచి కాపీ చేసి, ఫోన్‌లో ఒక నోట్‌లో దాచుకోండి:

```
ఽ
ః
```

రెండోది విసర్గ. దీని బదులు ఇంగ్లిష్ కోలన్ కొట్టే అలవాటు తెలుగువాళ్లలో పాతుకుపోయింది. దుఃఖాన్ని `దు:ఖం` అని రాసేది అందుకే. కంటికి రెండూ ఒకేలా ఉన్నా ఫోన్‌కి కోలన్ అక్షరం కాదు, విరామ చిహ్నం. మీరు పంపిన `నృప:` అన్న మాటను నేను కాపీ చేసి నిఘంటువులో వెతికితే దొరకదు. లైను చివర పడితే ఆ చుక్కలు ఒక్కోసారి మాట నుంచి విడిపోయి కింది లైనుకు వెళ్లిపోతాయి.

విసర్గకీ సున్నాకీ మధ్య తేడా అయితే ఇంకా ముఖ్యం. ఈ రెండు వాక్యాలు పక్కపక్కన పెట్టి చూడండి:

```
గురుః శిష్యం పశ్యతి
గురుం శిష్యః పశ్యతి
```

మొదటిదాంట్లో గురువు శిష్యుణ్ణి చూస్తున్నాడు. రెండోదాంట్లో శిష్యుడు గురువును చూస్తున్నాడు. క్రియ ఒకటే, మాటల వరస ఒకటే. మారింది ఒక సున్నా, ఒక విసర్గ. తెలుగు లిపిలో సున్నా ఒక వలయం, విసర్గ రెండు వలయాలు. చిన్న అచ్చులో, అందులోనూ పంపేటప్పుడు కుదించిన ఫోటోలో ఆ రెండు వలయాలు కలిసిపోయి ఒకటిగా కనిపిస్తాయి. దేవనాగరిలో సున్నా అక్షరం నెత్తిన చుక్కగా ఉంటుంది కాబట్టి, ఫోటో పై అంచు కాస్త తెగితే అది పూర్తిగా పోతుంది. వాక్యంలో ఎవరు కర్త, ఎవరు కర్మ అన్నది ఆ చుక్కల మీదే నడిచే భాష ఇది. మాటల వరసను బట్టి ఊహించడానికి వీల్లేదు.

మరో హెచ్చరిక. టైప్ చేసేటప్పుడు సంధి మీరు విడదీయకండి. పుస్తకంలో 'నృపో దుష్టాన్' అని ఉంటే అలాగే కొట్టండి. 'నృపః దుష్టాన్' అని మార్చి రాస్తే ఇక్కడ నష్టం లేకపోవచ్చు. కానీ అదే అలవాటుతో 'లోకేఽధర్మో' దగ్గర 'లోకే ధర్మో' అని విడదీసినవాళ్లని ఎంతోమందిని చూశాను. మీరు ఎక్కడ విడదీశారో అక్కడే మీ పొరపాటు ఉండొచ్చు, దాన్ని నేను పట్టుకోవాలంటే విడదీయని వాక్యం నా ముందు ఉండాలి.

కొట్టాక సరిచూడటానికి నా పద్ధతి ఇది. పుస్తకంలోని వాక్యంలో అవగ్రహాలు, విసర్గలు, సున్నాలు ఎన్నో విడివిడిగా లెక్కపెట్టండి. తర్వాత ఫోన్‌లోని వాక్యంలో లెక్కపెట్టండి. పైన ఇచ్చిన రాజు వాక్యంలో అవగ్రహం ఒకటి, సున్నా ఒకటి, విసర్గ లేదు. రెండు చోట్లా లెక్క కలవాలి. ఆ తర్వాత ఒత్తులు చూడండి. 'అర్థ' అంటే ప్రయోజనం, ధనం. 'అర్ధ' అంటే సగం. తెలుగు లిపిలో వాటి మధ్య తేడా లోపలి చుక్క ఒక్కటే. ఫోటోలోంచి అక్షరాలు తీసే ఆప్ వాడేవాళ్లకి ఈ లెక్క మరీ అవసరం, ఎందుకంటే మసక పేజీలో ఆ ఆప్‌లు తడబడేది కూడా ఈ గుర్తుల దగ్గరే. పాత డీటీపీ ఫాంట్లతో చేసిన పీడీఎఫ్ నుంచి కాపీ చేస్తే అర్థం లేని అక్షరాలు వస్తాయి. అలాంటప్పుడు చేత్తో కొట్టడమే మార్గం.

నాలుగో పని: ఏ భాషలోకో రాయడం

ఇది ఒక్క మాట పని. కానీ ఎక్కువమంది మర్చిపోయేదీ ఇదే, "చూస్తే తెలుస్తుంది కదా" అనుకుని. తెలియదు. 'గురువుగారు మాకు పుస్తకాలు ఇచ్చారు' అన్న వాక్యం ఒకటే పంపారనుకోండి. సంస్కృతంలోకి అయితే 'గురుః అస్మభ్యం పుస్తకాని అయచ్ఛత్' అవుతుంది. నేను వివరించాల్సింది చతుర్థీ విభక్తి. పైగా 'మాకు' అంటే ఇద్దరమే అయితే 'అస్మభ్యం' కాదు, 'ఆవాభ్యాం' అనాలి, ద్వివచనం ఉన్న భాష కనుక. అదే వాక్యం హిందీలోకి అయితే 'గురూజీ నే హమేఁ కితాబేఁ దీఁ'. అక్కడ విభక్తి గొడవ కాదు. కర్త పక్కన 'నే' వచ్చి, క్రియ పుస్తకాల్ని బట్టి స్త్రీలింగ బహువచనంలోకి మారుతుంది. రెండు జవాబులకీ పోలికే లేదు. భాష చెప్పకపోతే నేను ఒకటి ఊహించి పేజీడు రాస్తాను, మీకు కావలసింది ఇంకొకటి.

సంస్కృతం నుంచి తెలుగులోకా, ఇంగ్లిష్‌లోకా అన్నది కూడా చెప్పాలి. 'గచ్ఛతి'ని ఇంగ్లిష్‌లో రెండు రకాల వర్తమానాల్లో ఏదో ఒకటి ఎంచుకుని రాయాలి. తెలుగులో 'వెళ్తున్నాడు' అనాలా, గౌరవంగా 'వెళ్తున్నారు' అనాలా అన్న ప్రశ్న వేరే వస్తుంది.

ఇవన్నీ కలిపితే సందేశం ఇలా ఉండాలి. వాక్యం ఒక లైనులో, భాష ఇంకో లైనులో, మీ ప్రయత్నం మూడో లైనులో. ఈ వరసే పాటించండి, కలిపేయకండి:

```
వాక్యం: యదా లోకేఽధర్మో వర్ధతే తదా నృపో దుష్టాన్ దండయతి
భాష: సంస్కృతం నుంచి తెలుగులోకి
నా ప్రయత్నం: లోకంలో ధర్మం పెరిగినప్పుడు రాజు దుష్టులను దండిస్తాడు
```

ఇలా వస్తే జవాబు రెండు నిమిషాల పని. వాక్యంలో అవగ్రహం ఉంది, ప్రయత్నంలో 'ధర్మం' ఉంది. పిల్లవాడికి క్రియలు, విభక్తులు అన్నీ వచ్చు, అవగ్రహం ఒక్కటే తెలియదు. ఆ ఒక్కటి చెబితే చాలు. అదే పిల్లవాడు ఫోటో పంపి ఉంటే, ఫోటోలో ఆ గుర్తు కనబడక నేనూ 'ధర్మం' అనే చదివి, సరిగ్గానే ఉందని చెప్పి పంపేవాణ్ణి.

ఫోటోకి ఇంకో ఇబ్బంది ఉంది. ఫోన్ నిండిపోయిందని గ్యాలరీ ఖాళీ చేస్తే పోతుంది. కొన్నాళ్లు డౌన్‌లోడ్ చేయకుండా వదిలేసిన ఫోటోను మళ్లీ పంపమని అడగాల్సి వస్తుంది. అప్పుడు చాట్‌లో మిగిలేది 'దీనికి అనువాదం చెప్పండి' అన్న లైను, దాని కింద నా జవాబు. దేనికి జవాబో పంపినవాళ్లకే గుర్తుండదు. టైప్ చేసిన వాక్యాన్ని పరీక్ష ముందు రోజు 'వర్ధతే' అని వెతికినా దొరుకుతుంది. చూపు లేని విద్యార్థులకి ఫోన్‌లోని స్క్రీన్ రీడర్ దాన్ని చదివి వినిపిస్తుంది; ఫోటోలో వాక్యం ఉన్నా ఆ గుర్తులు వాళ్లదాకా చేరతాయన్న నమ్మకం లేదు. వాళ్లు అక్షరం అక్షరంగా చదివించుకుంటే అవగ్రహం ఎక్కడుందో కూడా తెలుసుకోగలరు.

ఫోటో అసలే వద్దని కాదు. టైప్ చేసిన మూడు లైన్ల కింద జత చేయండి. పుస్తకంలోనే అచ్చుతప్పు ఉందేమో చూడటానికి పనికొస్తుంది. తీసేటప్పుడు పేజీని వెలుతురులో చదునుగా పెట్టి, వాక్యం పైనున్న సూచన కూడా పడేలా తీయండి.