రుణ సంఖ్య వచ్చినప్పుడు తప్పిన విండో: నా అనుభవం

మొత్తం కనీసం లక్ష్యానికి చేరే అతిచిన్న వరుస భాగాన్ని కనుగొనడానికి నేను స్లైడింగ్ విండో వాడాను. కుడి అంచును జరుపుతూ విలువలను కూడుతూ, మొత్తం లక్ష్యాన్ని తాకగానే ఎడమ అంచును ఇలా కుదించాను:

```python
while s >= target:
    best = min(best, r - l + 1)
    s -= a[l]
    l += 1
```

`[4, -3, 5, 2]`కు, లక్ష్యం 7కు, ఇది 4 అని చెప్పింది; కానీ చివరి రెండు సంఖ్యలే 7 అవుతాయి కాబట్టి సరైన జవాబు 2.

కారణం వెతికితే, మొత్తం 8 అయ్యాక 4ను తీసేయగానే అది 4కు పడిపోయి లూప్ ఆగిందని, ఆ తర్వాత -3ను కూడా తీసేసి ఉంటే మొత్తం మళ్లీ 7కు పెరిగేదని తేలింది. విలువలన్నీ ధనాత్మకమైతే ఎడమ నుంచి తీసేకొద్దీ మొత్తం తగ్గడమే తప్ప పెరగదు. అందుకే లక్ష్యం కంటే తగ్గిన చోట ఆగిపోవచ్చు. (సున్నాల వల్ల ఇబ్బంది లేదు.)

అందువల్ల ప్రిఫిక్స్ మొత్తాలకు, అంటే 0, 4, 1, 6, 8కి మారి, వాటిని డెక్‌లో పెరిగే క్రమంలో ఉంచాను. 1 వచ్చినప్పుడు వెనకనున్న 4ను తొలగించాలి, ఎందుకంటే 1 దానికంటే చిన్నది, పైగా తర్వాతి స్థానంలో ఉంది కనుక ఇంకా చిన్న విండోనే ఇస్తుంది. రెండు ప్రిఫిక్స్‌ల తేడాయే వాటి మధ్య భాగపు మొత్తం కాబట్టి, 8 దగ్గర ఆ తేడా కనీసం 7 ఉన్నంతవరకు ముందునుంచి తీశాను: 0ను తీస్తే పొడవు 4, ఆపై 1ను తీస్తే 2 వచ్చాయి. ప్రతి ప్రిఫిక్స్ ఒక్కసారే డెక్‌లోకి వెళ్లి, గరిష్ఠంగా ఒక్కసారే బయటకు వస్తుంది కాబట్టి సమయం O(n)గానే మిగిలింది. అదనంగా ఖర్చయింది O(n) మెమరీ మాత్రమే.