షేర్ల లెక్కలు, 4వ పాఠం: నిఫ్టీ పెరిగిందంటే ఏది పెరిగినట్టు?

ముందు పోయిన పాఠంలో ఇచ్చిన లెక్క చూద్దాం. 8 కోట్ల షేర్లున్న కంపెనీ, షేరు ధర 250 రూపాయలు. మార్కెట్ విలువ 2,000 కోట్లు. ఇది దాదాపు అందరూ సరిగ్గానే చేశారు. తడబడింది రెండో ప్రశ్న దగ్గర. ప్రమోటర్ల చేతిలో 60 శాతం ఉంటే సూచీ లెక్కలోకి వచ్చేది ఎంత? 800 కోట్లే. ప్రమోటర్ల వాటా రోజూ బజారుకొచ్చే సరుకు కాదు కాబట్టి దాన్ని పక్కన పెట్టి, కొనడానికీ అమ్మడానికీ దొరికే షేర్ల విలువనే తీసుకుంటారు. దాని పేరే ఫ్రీ ఫ్లోట్.

మన సూచీలు మొదట్నుంచీ ఇలా లేవు. సెన్సెక్స్ ఈ పద్ధతికి 2003 సెప్టెంబర్‌లో మారింది, నిఫ్టీ 2009 జూన్‌లో. అంతకుముందు మొత్తం షేర్లనూ లెక్కగట్టేవారు. దాంతో ఒక తిరకాసు ఉండేది. ఎన్‌టీపీసీలో అప్పట్లో దాదాపు 89 శాతం కేంద్ర ప్రభుత్వం దగ్గరే ఉండేది. బజారులో తిరిగేది పదో వంతు, సూచీలో బరువు మాత్రం మొత్తం కంపెనీది. ఆ కాసిన్ని షేర్లలో ధర కదిలినా సూచీ మీద పడే ప్రభావం పెద్దది.

ఇప్పుడు మనమే ఒక చిన్న సూచీ తయారు చేద్దాం. కాగితం, పెన్ను తీసుకోండి. ఇది చదివితే రాదు, వేస్తేనే వస్తుంది.

మూడు కంపెనీలు: క, గ, చ. ఫ్రీ ఫ్లోట్ విలువలు వరసగా 3,000 కోట్లు, 1,500 కోట్లు, 500 కోట్లు. మొత్తం 5,000 కోట్లు. ఈరోజు సూచీ 1000 అని మనమే పెట్టుకుంటాం. నిఫ్టీ కూడా ఇలాగే, 1995 నవంబర్ 3ని 1000గా పెట్టుకుని మొదలైంది. సెన్సెక్స్‌కి ఆధారం 1978-79, అక్కడ అంకె 100. అందుకే ఈ రెండింటి పాయింట్లను పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. సెన్సెక్స్ 800 పాయింట్లు, నిఫ్టీ 250 పాయింట్లు పడితే సెన్సెక్స్ ఎక్కువ పడిందనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. శాతం తీసి చూస్తే రెండూ ఇంచుమించు ఒకటే అవుతాయి.

సూత్రం ఇదొక్కటే:

```
సూచీ = (ఈరోజు మొత్తం విలువ ÷ ఆధార విలువ) × 1000
```

మన ఆధార విలువ 5,000 కోట్లు. మర్నాడు క 5 శాతం పెరిగింది. గ 4 శాతం, చ 6 శాతం పడ్డాయి. క దగ్గర 150 కోట్లు కలిశాయి, గ దగ్గర 60, చ దగ్గర 30 పోయాయి. నికరంగా 60 కోట్లు పెరిగి మొత్తం 5,060 అయింది. సూచీ 1012.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. మూడింట్లో రెండు పడ్డాయి. మూడు కంపెనీల్లోనూ సమానంగా డబ్బు పెట్టినవాడికి ఆరోజు సుమారు 1.67 శాతం నష్టం. టీవీలో మాత్రం సూచీ 1.2 శాతం లాభంతో ముగిసిందని చెబుతారు. రెండూ నిజమే. మొదటిది కంపెనీకి ఒక ఓటు చొప్పున లెక్క, రెండోది రూపాయికి ఒక ఓటు చొప్పున లెక్క. ఎకరాన్ని బట్టి ఓట్లుండే ఊరు ఊహించుకోండి. వంద ఎకరాల ఆసామి చేయెత్తితే పదిమంది చిన్న రైతులు కాదన్నా తీర్మానం నెగ్గుతుంది.

అమెరికాలో డౌ జోన్స్ తీరు ఇంకా విడ్డూరం. అక్కడ బరువు షేరు ధరను బట్టి. ఒక్కో షేరు ఖరీదైతే చాలు, కంపెనీ చిన్నదైనా గొంతు పెద్దదవుతుంది. మన పద్ధతిలో ఆ ఇబ్బంది లేదు. కంపెనీ ఒకటికి ఒకటి బోనస్ ఇస్తే షేర్లు రెట్టింపవుతాయి, ధర సగమవుతుంది. గుణిస్తే విలువ మారదు, సూచీ కదలదు.

అసలు చిక్కు కంపెనీ మారినప్పుడు. మన సూచీలోంచి చ తీసేసి ట అనే కంపెనీని చేర్చాలి. ఆ సాయంత్రం చ విలువ 470 కోట్లు, ట విలువ 940 కోట్లు. 5,060లోంచి 470 తీసి 940 కలిపితే 5,530. పాత ఆధారంతోనే లెక్కేస్తే సూచీ 1106 చూపిస్తుంది. ఒక్క షేరు ధర కూడా కదలకుండా 94 పాయింట్లు! అందుకని ఆధార విలువను సవరిస్తారు. 5,530ని కొత్త ఆధారంతో భాగించినా అదే 1012 రావాలి. 5,530ని 1.012తో భాగిస్తే 5,464.43 వస్తుంది. రేపట్నుంచి ఇదే మన ఆధార విలువ. రైట్స్ ఇష్యూతో కొత్త షేర్లు వచ్చినా, ప్రమోటర్లు వాటా అమ్మి ఫ్రీ ఫ్లోట్ పెరిగినా ఇదే సవరణ. నిఫ్టీలో ఇలా కంపెనీలను మార్చే పని మామూలుగా ఏడాదికి రెండుసార్లు, మార్చి, సెప్టెంబర్ నెలాఖరుల్లో జరుగుతుంది.

మామూలుగా అన్నాను, ఎందుకంటే మన హైదరాబాద్ నుంచే ఒక మినహాయింపు ఉంది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఖాతాల బండారం బయటపడింది. ముందురోజు 179 రూపాయల దగ్గరున్న షేరు 40 రూపాయలకు జారింది. సెన్సెక్స్ ఆరోజు 749 పాయింట్లు పడింది. మార్చి దాకా ఆగకుండా కొద్ది రోజుల్లోనే సత్యాన్ని రెండు సూచీల నుంచీ తప్పించారు. సెన్సెక్స్‌లో ఆ చోటు సన్ ఫార్మాకు దక్కింది.

దీని మీద ఒక అపోహ బలంగా ఉంది. కుళ్లిన కంపెనీని తీసేసి నష్టాన్ని దాచేస్తారని, సూచీ అందుకే ఎప్పుడూ పైకే పోతుందని. ఆధార విలువ సవరణ అర్థమైతే ఇది తప్పని మీకే తెలుస్తుంది. 179 నుంచి తీసేసిన నాటి ధర దాకా జరిగిన నష్టమంతా సూచీలోకి ఎక్కేసింది. సవరణ ఆ నష్టాన్ని వెనక్కి తేదు, అక్కడి నుంచి కొత్త కంపెనీతో బండి నడుపుతుందంతే. అయితే ఆ అపోహలో కొంత నిజం లేకపోలేదు. సూచీ తన బుట్ట మార్చుకుంటుంది, మన మామయ్య మార్చుకోడు. పాతికేళ్ల కింద కొన్న షేర్లను అలాగే బీరువాలో పెట్టుకున్న మనిషి, సూచీ అన్ని రెట్లు పెరిగింది కదా నావెందుకు పెరగలేదంటే, జవాబు ఇదే. ఆయన పోలుస్తున్నది నాటి జాబితాను నేటి జాబితాతో.

ఇప్పుడు నిజం రోజు ఒకటి విప్పి చూద్దాం. 2024 జనవరి 17. ముందురోజు సాయంత్రం హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంక్ త్రైమాసిక ఫలితాలొచ్చాయి, మదుపరులకు నచ్చలేదు. నిఫ్టీ 22,032 నుంచి 21,572కు పడింది. 460 పాయింట్లు, సుమారు 2.1 శాతం. మార్కెట్ కుప్పకూలిందని శీర్షికలు. హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంక్ షేరు సుమారు 8.4 శాతం పడింది. 2023 జులైలో మాతృసంస్థ విలీనమయ్యాక నిఫ్టీలో దాని వెయిటేజీ ఈ సమయానికి సుమారు 13 శాతం. ఒక్క కంపెనీ వల్ల ఎన్ని పాయింట్లు పోయాయో తెలుసుకోవడానికి ఈ లెక్క చాలు:

```
పాయింట్లు = నిన్నటి సూచీ × వెయిటేజీ × ధర మార్పు
22,032 × 0.13 × 0.084 = 240 (సుమారు)
```

460లో సగానికి పైగా ఒక్క షేరుదే. మిగతాదాంట్లో పెద్ద భాగం దాని వెంట జారిన ఇతర బ్యాంకులది. అదే రోజు ఐటీ కంపెనీల సూచీ కాస్త పెరిగింది కూడా. కాబట్టి ఆరోజు దేశంలోని కంపెనీలన్నిటి మీదా నమ్మకం పోయిందనడం కన్నా, ఒక పెద్ద బ్యాంక్ లాభాల మీద అంచనా మారిందనడం సత్యానికి దగ్గర. ఈ లెక్క వెనక్కి తిప్పినా పనిచేస్తుంది. సూచీ కొత్త గరిష్ఠానికి చేరిన రోజున కూడా వెయిటేజీలో ముందున్న నాలుగైదు కంపెనీలకు ఇది వేసి చూడండి. పెరుగుదలంతా వాటి దగ్గరే తేలితే, మీరు చూస్తున్నది మార్కెట్ పెరగడం కాదు, క పెరగడం. వెయిటేజీల పట్టిక నిఫ్టీ నెలవారీ ఫ్యాక్ట్‌షీట్‌లో దొరుకుతుంది. ఇంకా తేలిక దారి, నిఫ్టీ 50 ఈక్వల్ వెయిట్ సూచీని పక్కన పెట్టుకోవడం. అవే 50 కంపెనీలు, అందరికీ సమాన బరువు. నిఫ్టీ పెరిగి అది పడిందంటే మన క, గ, చల కథే.

ఇంకొక మాట. ఇలాంటి రోజుల్లో మదుపరుల సంపద ఇన్ని లక్షల కోట్లు ఆవిరైందని రాస్తారు. ఆ అంకె ఎలా వస్తుందో గమనించండి. ఆరోజు చేతులు మారేది కంపెనీ షేర్లలో కొద్ది శాతమే. వాటికి పలికిన ధరతో మిగతా షేర్లన్నిటినీ గుణిస్తారు. మన వీధిలో ఒక ఇల్లు 60 లక్షలకు అమ్ముడైతే ఇరవై ఇళ్ల వీధి విలువ 12 కోట్లు అన్నట్టు. అందరూ ఒకేసారి అమ్మకానికి పెడితే ఆ ధర రాదు. సూచీ పెరిగినప్పుడు కూడా అంతే, అంత డబ్బు బయటి నుంచి మార్కెట్లోకి వచ్చిందని కాదు.

డివిడెండ్ సంగతి పొడిగా చెప్పేస్తాను. రోజూ వినే నిఫ్టీలో డివిడెండ్లు కలవవు. వాటిని తిరిగి పెట్టినట్టు లెక్కగట్టే టోటల్ రిటర్న్స్ సూచీ వేరే ఉంది. మీ ఫండ్ పనితీరును పోల్చాల్సింది దాంతోనే. మామూలు నిఫ్టీతో పోల్చి గెలిచానని చెప్పే ప్రకటన కనబడితే, ముందు ఏ సూచీతో పోల్చారో చిన్న అక్షరాల్లో వెతకండి.

ఈసారి లెక్క: పైన మిగిలిన చోటి నుంచే మొదలుపెట్టండి. సూచీ 1012, ఆధారం 5,464.43 కోట్లు. క విలువ 3,150, గ 1,440, ట 940 కోట్లు. మర్నాడు క 2 శాతం పడింది, గ 3 శాతం, ట 2 శాతం పెరిగాయి. సూచీ ఎంత? మూడింట్లోనూ సమానంగా డబ్బు పెట్టినవాడికి ఎంత శాతం లాభం? రెండు జవాబులూ పక్కపక్కన రాసి పెట్టుకోండి. 5వ పాఠంలో ఇండెక్స్ ఫండ్ ఈ బరువులను ఎలా అనుసరిస్తుందో అక్కడి నుంచే ఎత్తుకుంటాం.