సాంద్రత లెక్క తేడా కొడుతోందా? తప్పు ఎక్కడుందో ఇలా పట్టుకోండి

పాత సామాన్ల కొట్టులో చిన్న నంది బొమ్మ దొరికింది అనుకుందాం. పసుపుపచ్చగా మెరుస్తోంది, కొట్టువాడేమో ఇత్తడే అంటాడు. అది ఇత్తడైతే సాంద్రత 8.4 నుంచి 8.7 మధ్య రావాలి. జింకు మిశ్రమం పోతపోసి పైన పూత వేసినదైతే 6.7 దగ్గర ఆగిపోతుంది. ఇనుము 7.87, రాగి 8.96. ఈ అంకెలన్నీ ఒక ఘనపు సెంటీమీటరుకు ఎన్ని గ్రాములో చెప్పేవి. బరువును ఘనపరిమాణంతో భాగిస్తే చాలు కదా అనిపిస్తుంది గానీ, తేడా వచ్చేది దాదాపు ఎప్పుడూ ఘనపరిమాణం దగ్గరే.

సమస్య: కొలజాడీలో కొలిచిన ప్రతిసారీ వేరే జవాబు వస్తోంది

బొమ్మ 86.4 గ్రాములు. 100 మి.లీ. జాడీలో నీళ్లు 50 గీత దగ్గరుంటే, బొమ్మ వేశాక 60 అంటారు ఒకరు, 61 అంటారు ఇంకొకరు. పది అంటే సాంద్రత 8.64, ఇత్తడి. పదకొండు అంటే 7.85, ఇనుము! ఒక్క గీత తేడాతో లోహమే మారిపోయింది. నీటి అంచు వంపుగా ఉంటుంది కాబట్టి కళ్లు ఆ మట్టానికి తెచ్చి వంపు అడుగు భాగాన్ని చూడాలి, నిజమే, కానీ ఎంత జాగ్రత్తగా చూసినా ఇంత చిన్న వస్తువుకు ఆ జాడీ చాలదు.

పరిష్కారం, జాడీ పక్కన పెట్టి కాటా తీసుకోవడం. 0.01 గ్రాము వరకు చూపించే డిజిటల్ కాటా మీద సగం నీళ్లున్న గ్లాసు పెట్టి (మొత్తం బరువు కాటా పరిమితి దాటకూడదు) టేర్ నొక్కి సున్నా చేయండి. బొమ్మకు సన్నటి నైలాన్ దారం కట్టి, గ్లాసుకూ కాటాకూ తగలకుండా పైన అడ్డంగా పెట్టిన కర్రకు వేలాడదీసి, నీళ్లలో పూర్తిగా మునిగేలా వదలండి. నీళ్లు బొమ్మను ఎంత బలంతో పైకి నెడతాయో, బొమ్మ నీళ్లను అంతే బలంతో కిందికి నెడుతుంది, కాబట్టి పక్కకు జరిగిన నీటి బరువు కాటా మీద కనిపిస్తుంది. నీరు ఒక సీసీకి ఒక గ్రాము, అంటే కాటా చూపించే అంకే ఘనపరిమాణం. మన బొమ్మకు 10.22 వచ్చింది, 86.4 ÷ 10.22 = 8.45. ఇత్తడే. వేసవిలో 30 డిగ్రీల నీళ్లు 0.996 ఉంటాయి, దాంతో జవాబు 8.42 అవుతుంది, లోహం పేరు మాత్రం మారదు.

సమస్య: జవాబు 1 వస్తోంది, లేదా అంకె గంతులేస్తోంది

బొమ్మ గ్లాసు అడుగున కూర్చుంది. దాని బరువంతా కాటా మీదే పడుతోంది. గోడకు ఆనుకున్నా అంకె నిలవదు. దారం పొట్టి చేయండి.

సమస్య: ఇత్తడి అని తెలిసినా 7.9 వస్తోంది

ఇది ఎక్కువమందిని తప్పుదారి పట్టించేది. నంది కాళ్ల మధ్య, పీఠం కింద గాలి బుడగలు ఇరుక్కుంటాయి. 0.7 సీసీ గాలి చాలు, 10.22 కాస్తా 10.92 అయి కూర్చుంటుంది. కాచి చల్లార్చిన నీళ్లు వాడండి, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క కలపండి, బొమ్మను ఏటవాలుగా దించి సందుల్లో పెయింట్ బ్రష్‌తో తుడవండి. బయటికి తీసి మళ్లీ ముంచితే అంకె మారిందా, బుడగలే కారణం. ఎన్నిసార్లు ముంచినా అదే తక్కువ అంకె వస్తుంటే లోపల మూసుకుపోయిన బోలు గానీ, పోతపోసేటప్పటి మట్టి గానీ ఉంది. అప్పుడు వచ్చేది బొమ్మ సాంద్రత, లోహానిది కాదు, ఈ పద్ధతితో తేలదు.

కాటా అంకె నెమ్మదిగా తగ్గుతూ పోతోందా? కుండపెంకు, ఇసుకరాయి లాంటివి నీళ్లు పీల్చుకుంటున్నాయని అర్థం. ముందు పొడిగా తూచి, రాత్రంతా నానబెట్టి, పైతడి తుడిచి అప్పుడు వేలాడదీయండి.

సమస్య: వస్తువు నీళ్లలో కరిగిపోతోంది

పటికా, పటికబెల్లం చూడ్డానికి ఒకేలా ఉంటాయి. నాలుకకు తగిలిస్తే తెలిసిపోయేదానికి ఇంత తతంగమా అనకండి, ల్యాబ్‌లో ఏదీ నాలుక మీద పెట్టకూడదు. నీళ్లకు బదులు వేరుశనగ నూనె వాడితే సరి, కానీ నూనె సాంద్రత ముందు తెలియాలి. దానికి మన నందే పనికొస్తుంది. నూనెలో వేలాడదీస్తే 9.30 వచ్చింది, నీళ్లలో 10.22. 9.30 ÷ 10.22 = 0.91. ఏ ద్రవానికైనా ఇదే లెక్క.

ఇప్పుడు 41.2 గ్రాముల పలుకు నూనెలో 23.6 చూపింది. 23.6 ÷ 0.91 = 25.9 సీసీ, సాంద్రత 1.59. పటికబెల్లమే. పటికైతే 1.75 దరిదాపుల్లో వచ్చేది.

సమస్య: అంకె సరిగ్గానే ఉంది, అయినా పేరు తేలట్లేదు

కొలత తప్పేం లేదు, సాంద్రతతో చెప్పగలిగేది అంతవరకే. వేరుశనగ, కొబ్బరి, పామాయిల్ అన్నీ 0.91, 0.92 దగ్గరే తిరుగుతాయి, కల్తీ దీంతో దొరకదు. పాలల్లో మీగడ తీస్తే సాంద్రత పెరుగుతుంది, నీళ్లు కలిపితే తగ్గుతుంది, రెండూ చేస్తే లాక్టోమీటరు మామూలుగానే చూపిస్తుంది. బంగారం 19.3 అయితే టంగ్‌స్టన్ 19.25, అందుకే కడ్డీ సాంద్రత సరిపోయిందని అది బంగారమేనని తేల్చలేం. తక్కువ వస్తే మాత్రం గట్టిగా చెప్పొచ్చు: బుడగల్లేకుండా కొలిచినా 15 వచ్చిన చేతి గాజు, బోలుది కాకపోతే, 22 క్యారెట్లది కాదు.