నలభై ఎనిమిది ఫొటోలతో ఫైన్‌ట్యూనింగ్: ట్రైనింగ్ మొదలుపెట్టే ముందు జాగ్రత్తలు

బొమ్మలు అమ్మే ఒక మిత్రుడి కోసం, ఫొటో చూసి అది కొండపల్లి బొమ్మా, ఏటికొప్పాక బొమ్మా అని చెప్పే చిన్న మోడల్ తయారు చేశాను. 48 ఫొటోలను కలగాపులగంగా కలిపి, 36 ట్రైనింగ్‌కి ఇచ్చి, 12 పరీక్షకి పక్కన పెట్టాను. పన్నెండింటికి పన్నెండూ సరిగ్గా చెప్పింది. ఆ మర్నాడు మిత్రుడు కొత్తగా వచ్చిన కొండపల్లి ఎడ్లబండిని ఇంటి అరుగు మీద పెట్టి ఫొటో తీసి పంపితే, ఏటికొప్పాక అంది. ఆ తర్వాత పంపినవాటిలోనూ సగం తప్పులే.

ఫొటోలు 48 ఉన్నా బొమ్మలు 16 మాత్రమే. ఒక్కోదాన్ని ముందు నుంచి, పక్క నుంచి, కాస్త పైనుంచి మూడేసి సార్లు తీశారు. కలిపి పంచేసరికి, పరీక్షలో ఉన్న దాదాపు ప్రతి బొమ్మకీ ఇంకో ఫొటో ట్రైనింగ్‌లో ఉండిపోయింది. మోడల్ కొండపల్లి పనితనాన్ని నేర్చుకోలేదు, ఆ పదహారు బొమ్మల్నీ గుర్తుపెట్టుకుంది. ఓవర్‌ఫిట్టింగ్ అంటే ఇదే. నా పరీక్ష దాన్ని పట్టుకోకపోగా దాచిపెట్టింది.

అందుకే మొదటి జాగ్రత్త: ఫొటోలను కాదు, వస్తువులను పంచండి. ఫైల్ పేరులోనే బొమ్మ నంబర్ ఉండేలా `kp03_2.jpg` లాగా పేర్లు పెట్టుకుంటే ఇది ఐదు నిమిషాల పని. ఒక బొమ్మ ఫొటోలు మూడూ ఒకే వైపు ఉండాలి. నేను రెండు రకాల నుంచీ రెండేసి బొమ్మలు, అంటే 12 ఫొటోలు పక్కన పెట్టి మళ్లీ చేస్తే, తొమ్మిదే సరిపోయాయి. నూటికి 75. బాధనిపించింది కానీ నిజమైన అంకె అదే. దాన్ని కూడా పూర్తిగా నమ్మకూడదు, ఎందుకంటే పన్నెండు ఫొటోలైనా లోపల ఉన్నవి నాలుగు బొమ్మలే. నాలుగేసి బొమ్మల చొప్పున పక్కన పెడుతూ నాలుగు సార్లు ట్రైన్ చేయండి. పదహారు బొమ్మలూ ఒక్కోసారి పరీక్షకు వస్తాయి. ఆ నాలుగు ఫలితాల మధ్య తేడా ఎంతుందో సగటుతో పాటు చూడండి.

రెండోది బ్యాక్‌గ్రౌండ్. మా కొండపల్లి ఫొటోలన్నీ షాపులో నీలం గుడ్డ మీద తీసినవి, ఏటికొప్పాకవి సిమెంటు గచ్చు మీద తీసినవి. అరుగూ సిమెంటుదే కదా! పొణికి చెక్కతో చేసి రంగులు వేసిన బొమ్మకీ, అంకుడు కర్రను తిప్పి లక్క పూసిన నున్నటి బొమ్మకీ తేడా నేర్చుకోవడం కన్నా, గుడ్డకీ గచ్చుకీ తేడా నేర్చుకోవడం మోడల్‌కి చాలా తేలిక. దీన్ని కనిపెట్టడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. బొమ్మ ఉన్న చోట బూడిదరంగు చతురస్రం కప్పేసి మోడల్‌కి చూపించండి. రెండు రకాలే కాబట్టి ఊహించి చెప్పినా సగం సరిపోతాయి. అంతకంటే బాగా ఎక్కువ సరిపోతుంటే, అది చూస్తున్నది బొమ్మని కాదు. నాకు పన్నెండింటిలో పదకొండు సరిపోయాయి. దీనికి సెట్టింగులతో మందు లేదు. రెండు రకాల బొమ్మల్నీ గుడ్డ మీదా, గచ్చు మీదా, చేతిలోనూ పెట్టి మళ్లీ తీయాల్సిందే. ఒక మధ్యాహ్నం పని, కానీ ఫలితాన్ని అన్నిటికన్నా మార్చింది ఇదే.

ఇక మోడల్ సంగతి. నేను తీసుకున్నది లక్షల ఫొటోలతో ముందే ట్రైన్ చేసి ఉంచిన రెస్‌నెట్-18. అందులో మార్చగలిగే అంకెలు సుమారు కోటీ 17 లక్షలు. 36 ఫొటోలతో వాటన్నిటినీ కదిలిస్తే బట్టీ పట్టడానికి కావలసినంత చోటు ఇచ్చినట్టే. మొదట చివరి పొరను మాత్రమే మార్చండి. రెండు రకాలకి అందులో ఉండేవి 1,026 అంకెలే. పైటార్చ్‌లో ఇలా:

```python
for p in model.parameters():
    p.requires_grad = False
model.fc = nn.Linear(512, 2)
model.eval()
```

చివరి లైను చాలామంది మరిచిపోతారు. మిగతా అంకెల్ని మారకుండా ఆపేసినా, `model.train()` స్థితిలో ఉంటే బ్యాచ్‌నార్మ్ పొరలు తమ సగటుల్ని మీ కొద్దిపాటి ఫొటోలకు తగ్గట్టు మార్చుకుంటూనే ఉంటాయి. ఎక్కడి నుంచైనా తెచ్చుకున్న ట్రైనింగ్ కోడ్‌లో ప్రతి ఎపాక్ మొదట్లో `model.train()` ఉంటుంది, అది మీ లైనును రద్దు చేసేస్తుంది. వెతికి తీసేయండి.

ఫొటోలను తిప్పి, కత్తిరించి సంఖ్య పెంచేటప్పుడు రంగుల జోలికి మాత్రం ఆలోచించి వెళ్లండి. లక్క మెరుపు, ఆ రంగుల తీరు మన బొమ్మలకు గుర్తులు. వాటిని గట్టిగా మార్చేస్తే మోడల్‌కి చూసుకోవడానికి ఉన్న ఆధారమే పోతుంది. వెలుతురు కొంచెం అటూఇటూ చేస్తే చాలు. డబ్బా మీద అక్షరాలుండే సరుకైతే ఎడమ కుడి తిప్పడం కూడా వద్దు.

ట్రైనింగ్ నడుస్తుండగా సరైన జవాబుల శాతం కన్నా లాస్‌ని, అంటే మోడల్ జవాబు అసలు జవాబుకి ఎంత దూరంగా ఉందో చెప్పే అంకెని గమనించండి. పన్నెండు ఫొటోల్లో ఒక్కటి మారితేనే శాతం ఎనిమిది పాయింట్లు దూకుతుంది, మధ్యలో ఏం జరుగుతోందో కనపడదు. ట్రైనింగ్ లాస్ దిగుతూనే ఉండి, పరీక్ష ఫొటోల లాస్ కొన్ని ఎపాక్‌ల పాటు వరసగా పైకెక్కుతుంటే, శాతం ఇంకా పడకపోయినా మోడల్ తప్పుల్నే ధీమాగా చెప్పడం మొదలుపెట్టిందని అర్థం. అక్కడ ఆపి, లాస్ అతి తక్కువగా ఉన్నప్పటి కాపీని ఉంచుకోండి. అలా ఎంచుకోవడానికి వాడిన బొమ్మలు ఇక పరీక్షకు పనికిరావు. మిత్రుడి దగ్గరికి తర్వాత వచ్చిన సరుకులోంచి ఆరు బొమ్మల్ని ఎవరి ఫోనుతో వాళ్లు తీయగా వచ్చిన ఫొటోల్ని నేను విడిగా దాచి, అన్నీ అయ్యాక ఒక్కసారే చూపించాను.