హుక్ పాఠాలు, 4వ భాగం: మూడు హుక్‌లలో ఏది గెలిచిందో గ్రాఫ్ చూసి చెప్పడం

పోయిన భాగంలో ఆవకాయకి బూజు ఎందుకు పడుతుందనే ముప్పై సెకన్ల రీల్‌కి మూడు హుక్‌లు, అంటే స్క్రోల్ చేసేవాళ్లని ఆపే మొదటి మాటలు, రాసుకున్నాం కదా, ఇప్పుడు వాటిని జనంలోకి వదిలి చూద్దాం.

ముందు ఎడిటింగ్. మొదటి నాలుగు సెకన్లు మాత్రమే మారాలి, మిగతా ఇరవై ఆరు సెకన్లు, మ్యూజిక్, క్యాప్షన్, కవర్ అన్నీ అవే ఉండాలి, లేకపోతే తేడా దేనివల్ల వచ్చిందో తెలీదు. పోస్ట్ చేసేటప్పుడు ఇన్‌స్టాలో ట్రయల్ ఆన్ చేయండి (2024 డిసెంబర్‌లో వచ్చిన ఫీచర్), అప్పుడు రీల్ ముందు మనల్ని ఫాలో అవ్వని వాళ్లకే వెళ్తుంది. మనకి కావాల్సింది వాళ్లే, ఎందుకంటే ఫాలోవర్లు మన మొహం చూసి ఆగుతారు, హుక్ చూసి కాదు.

ఇప్పుడు ఇన్‌సైట్స్‌లో రిటెన్షన్ గ్రాఫ్ తెరవండి, ఏ సెకనుకి ఎంతమంది ఇంకా చూస్తున్నారో అది చూపిస్తుంది. లెక్క సులువుగా ఉండటానికి ఒక్కో రీల్‌ని వెయ్యి మంది చూశారనుకుందాం.

మొదటి హుక్, బూజు పట్టిన జాడీ మూత తీస్తూ "ఇది చూశాక ఆవకాయ ముట్టుకోరు". మూడో సెకనుకి 720 మంది ఉన్నారు, పదో సెకనుకి 310.

రెండోది, "ఉప్పు సరిపడా వేసినా బూజు పడుతోందా, మీ గరిటె చూడండి". మూడో సెకనుకి 610, పదో సెకనుకి 480.

మూడోది "హాయ్ అండీ, ఈరోజు మనం..." అని మొదలైంది, మూడో సెకనుకే సగం మంది కూడా లేరు, దాన్ని పక్కన పెట్టేయండి.

చాలామంది 720 చూసి మొదటిదే గెలిచిందంటారు. కానీ హుక్ దాటిన వాళ్లలో పదో సెకను దాకా ఎంతమంది ఉన్నారో చూడండి, మొదటిదాంట్లో 43 శాతం, రెండోదాంట్లో 79 శాతం. లోపలి వీడియో ఒకటే కాబట్టి తప్పు దానిది కాదు. మొదటి హుక్ భయపెట్టి ఆపింది, లోపలేమో తడి గరిటె, ముక్కల మీదకి తేలని నూనె గురించి చెప్తున్నాం, వచ్చినవాళ్లకి అనుకున్నది దొరకలేదు, వెళ్లిపోయారు. గ్రాఫ్‌లో ఇది నాలుగో సెకను తర్వాత నిటారుగా పడే గీతలా కనిపిస్తుంది. అందుకే నేను రెండోదాన్నే గెలిపిస్తాను.

అయితే మొదటిదాంట్లో ఆ జాడీ బొమ్మకి బలం ఉంది, దాన్ని వదులుకోవద్దు. జాడీ బొమ్మ మీద గరిటె మాట పెట్టి నాలుగో వెర్షన్ కట్ చేయండి, అది మూడో సెకనులో మొదటిదానికి దగ్గరగా, పదో సెకనులో రెండోదానికి దగ్గరగా వస్తే అదే ఫైనల్.

ఒక జాగ్రత్త. రెండొందల వ్యూస్ దగ్గర ఐదారు పాయింట్ల తేడా కనిపిస్తే దానికి అర్థం ఏమీ లేదు, అదే రీల్ రెండుసార్లు వేసినా అంత తేడా రావచ్చు. వెయ్యి దాకా ఆగండి, అప్పటికీ తేడా రెండు మూడు పాయింట్లే అయితే రెండు హుక్‌లూ సమానమే అనుకుని మీకు నచ్చింది తీసుకోండి.

వచ్చే భాగానికి మీ రీల్ ఒకటి తీసుకుని మూడో సెకను, పదో సెకను అంకెలు రాసి ఉంచుకోండి, పదో సెకను తర్వాత జనం ఎక్కడ జారిపోతున్నారో అక్కడి నుంచి మొదలుపెడదాం.